పంద్రాగస్టు పని దినమెలా అయింది?

జీతాల పట్టికలు వేసేవారు, టెండరు గడువులు లెక్కగట్టేవారు, హాజరు శాతాలు తీసేవారు ఎప్పుడో ఒకప్పుడు అడిగే ప్రశ్న ఒకటుంది. "సెలవుల జాబితా మొత్తం ఎక్కించాను. అందులో పంద్రాగస్టు కళ్లెదురుగా కనిపిస్తోంది. అయినా కంప్యూటరు ఆ రోజును పని దినాల్లో ఎందుకు కలిపేసింది?"

సూత్రం తప్పేమో అని ముందు దాన్నే తిరగేస్తారు. సూత్రం సరిగ్గానే ఉంటుంది. మొదటి తేదీ, చివరి తేదీ సరిగ్గానే ఉంటాయి. జాబితాలో పండుగ ఏదీ తప్పిపోదు. అయినా మొత్తం మూడో నాలుగో రోజులు ఎక్కువ వస్తుంది. తెర మీద మనకు కనిపించే తేదీ ఒకటి, గడిలో యంత్రం దాచుకున్నది ఇంకొకటి కావడం దీనికి కారణం. ఆ తేడా ఎలా పుడుతుందో, దాన్ని ఎలా పట్టుకోవాలో ఎక్సెల్ పట్టిక ఆధారంగా, ఒకే ఉదాహరణను చివరిదాకా నడిపిస్తూ చూద్దాం.

తేదీ వెనక ఒక అంకె

ఎక్సెల్ గడిలో 15/08/2025 అని కొట్టి ఎంటర్ నొక్కితే, అది తేదీ అని గుర్తించిన యంత్రం మనం కొట్టిన గీతలనూ అంకెలనూ అలాగే దాచుకోదు. వాటి బదులు 45884 అనే ఒక్క సంఖ్యను దాచుకుంటుంది. 1900 జనవరి 1కి 1 అని పేరు పెట్టి, ఆ ఏడాది నిజానికి లేని ఫిబ్రవరి 29ని కూడా ఒక రోజుగా కలుపుకుని, ఆ తర్వాత వచ్చే ప్రతి రోజుకూ ఒకటి చొప్పున పెంచుకుంటూ వస్తే 2025 ఆగస్టు 15కి చేరే సంఖ్య అది. దీన్ని మనం రోజు సంఖ్య అందాం. తెర మీద కనిపించే 15/08/2025 ఆ సంఖ్యకు తొడిగిన చొక్కా మాత్రమే. చొక్కా మార్చి 15-ఆగ-25 అని చూపించినా లోపల ఉండేది 45884.

ఈ ఏర్పాటు ఎందుకో తెలియాలంటే హైవే పక్కన పాతిన కిలోమీటరు రాళ్లను తలచుకోండి. ఒక రాయి మీద 112 అనీ, ఇంకో రాయి మీద 140 అనీ ఉంటే మధ్య దూరం 28 కిలోమీటర్లని తీసివేతతో చెప్పేస్తాం. ఏ ఊరి మీదుగా పోతున్నామో తెలియనక్కర్లేదు. అదే దారిలో ఊరి పేరు రాసిన బోర్డు కూడా ఉంటుంది. ఆ పేరు చదివినవాడికి ఎక్కడున్నాడో తెలుస్తుంది. కానీ ఒక ఊరి పేరులోంచి ఇంకో ఊరి పేరును తీసివేసి దూరం చెప్పలేం. రోజు సంఖ్య ఉన్న గడి కిలోమీటరు రాయి. 1, 5, / అనే గుర్తులను వరసగా పేర్చి ఉంచిన గడి పేరు బోర్డు. చూసేవారికి రెండింటిలోనూ పంద్రాగస్టే కనిపిస్తుంది. లెక్కకు మొదటిదే పనికొస్తుంది. రెండోదాన్ని అక్షర తేదీ అందాం.

వారం కూడా ఆ సంఖ్యలోంచే వస్తుంది. రోజు సంఖ్యను ఏడుతో భాగించండి. శేషం 0 వస్తే శనివారం, 1 వస్తే ఆదివారం, 2 వస్తే సోమవారం, అలా శుక్రవారానికి 6. 45884ను ఏడుతో భాగిస్తే మిగిలేది 6. 2025లో పంద్రాగస్టు శుక్రవారం పడింది కదా, సరిపోయింది. శని, ఆదివారాలను యంత్రం ఏ క్యాలెండరూ తిరగేయకుండా విడదీయగలగడం ఈ శేషాల వల్లే.

పని దినాలు లెక్కించే పద్ధతి

రెండు తేదీల మధ్య పని దినాలు చెప్పడానికి ఎక్సెల్‌లో ఉన్న సూత్రం పేరు NETWORKDAYS. దానికి మూడు విషయాలు అందించాలి: మొదటి తేదీ, చివరి తేదీ, సెలవుల జాబితా.

```
=NETWORKDAYS(B1,B2,H2:H6)
```

ఇది మొదటి రోజునూ చివరి రోజునూ కలుపుకునే లెక్క. ముందు శని, ఆదివారాలను వదిలేసి మిగిలిన రోజులను కూడుతుంది. ఆ తర్వాత జాబితాలోని ఒక్కో సెలవు గురించి రెండు సంగతులు తేల్చుకోవాలి. ఆ రోజు మన రెండు తేదీల మధ్య పడిందా? పడితే, అది శని, ఆదివారాల్లో ముందే పోయిన రోజా, లేక పని రోజా? మధ్యలో పడి, పని రోజు కూడా అయితేనే మొత్తంలోంచి ఒకటి తగ్గుతుంది. ఈ రెండు ప్రశ్నలకూ జవాబు సంఖ్యలతోనే దొరుకుతుంది. మొదటిదానికి పెద్దా చిన్నా పోల్చాలి, రెండోదానికి ఏడుతో భాగించాలి. అక్షర తేదీని పోల్చడానికీ లేదు, భాగించడానికీ లేదు.

శనివారం కూడా పనిచేసే కార్యాలయాలకు NETWORKDAYS.INTL అనే తోడు సూత్రం ఉంది. అందులో వారాంతపు స్థానంలో 11 అని ఇస్తే ఆదివారం ఒక్కటే సెలవవుతుంది. రెండో శనివారం సెలవిచ్చేచోట ఆ శనివారాలను కూడా పండుగలతోపాటు జాబితాలోనే రాసుకోవాలి. అంటే ఇలాంటి కార్యాలయాల్లో జాబితా మీద పడే బరువు ఇంకా ఎక్కువ, అది చెడితే వచ్చే తేడా కూడా ఎక్కువే.

ఐదు సెలవులు, ఐదూ గల్లంతు

ఇప్పుడు ఉదాహరణ. 2025 ఆగస్టు 1 నుంచి అక్టోబరు 31 దాకా, శని, ఆదివారాలు సెలవుండే ఒక కార్యాలయం పని దినాలు కావాలి. మూడు నెలల్లో సోమవారం నుంచి శుక్రవారం దాకా ఉన్న రోజులు ఆగస్టులో 21, సెప్టెంబరులో 22, అక్టోబరులో 23. మొత్తం 66. లెక్క తేలిగ్గా ఉండడానికి జాబితాలో ఐదు సెలవులే ఉన్నాయనుకుందాం.

15/08/2025, స్వాతంత్ర్య దినోత్సవం, శుక్రవారం
27/08/2025, వినాయక చవితి, బుధవారం
05/09/2025, మిలాద్ ఉన్ నబీ, శుక్రవారం
02/10/2025, గాంధీ జయంతి, విజయదశమి, గురువారం
20/10/2025, దీపావళి, సోమవారం

ఐదూ పని రోజుల్లోనే పడ్డాయి. కాబట్టి సరైన జవాబు 66లోంచి 5 పోగా 61.

ఈ జాబితా ఎక్కడో తయారై, కామాలతో విడదీసిన మామూలు అక్షరాల ఫైలుగా, అంటే సీఎస్‌వీ ఫైలుగా మన చేతికి వచ్చింది. దాన్ని మౌసుతో రెండుసార్లు నొక్కి ఎక్సెల్‌లో తెరిచాం. మన కంప్యూటరులో ప్రాంతపు అమరిక English (United States) అని ఉంది. అమెరికా పద్ధతిలో నెల ముందు, తేదీ తర్వాత. యంత్రం ఆ కళ్లద్దాలతోనే మన జాబితాను చదువుతుంది.

మొదటి గడిలో 15/08/2025 ఉంది. పదిహేనో నెలలో ఎనిమిదో తేదీ? అలాంటి నెల లేదు. ఇది తేదీ కాదని తేల్చి, ఆ గుర్తులను ఉన్నవి ఉన్నట్టు గడిలో పెట్టేస్తుంది. 27/08, 20/10లకూ ఇదే గతి. మూడూ అక్షర తేదీలయ్యాయి.

మూడో గడిలో 05/09/2025. ఐదో నెలలో తొమ్మిదో తేదీ ఉంటుంది కదా. యంత్రం దాన్ని సంతోషంగా 2025 మే 9గా తీసుకుని 45786 అనే రోజు సంఖ్యను దాచుకుంటుంది. అలాగే 02/10/2025 ఫిబ్రవరి 10 అవుతుంది, సంఖ్య 45698. ఇవి అక్షర తేదీలు కావు. నూటికి నూరుపాళ్లూ చెల్లే తేదీలే, కాకపోతే మనవి కావు.

తెర మీద ఏం కనిపిస్తుందో చూడండి. ఫిబ్రవరి 10ని అమెరికా అమరిక 2/10/2025 అని చూపిస్తుంది. మన అలవాటు కొద్దీ మనం దాన్ని అక్టోబరు 2 అనే చదువుకుంటాం. ముందున్న సున్నా రాలిపోవడం తప్ప మనకు అనుమానం కలిగించేది అక్కడ ఏదీ లేదు. ఆగస్టు నుంచి అక్టోబరు దాకా ఉన్న మన లెక్కలో మే నెల సెలవుకు గానీ ఫిబ్రవరి సెలవుకు గానీ చోటు లేదు. ఐదింట్లో మూడు అక్షరాలై పోయాయి, రెండు వేరే నెలలకు వలస పోయాయి. మన మూడు నెలల్లో తగ్గించడానికి ఒక్క సెలవూ మిగల్లేదు.

ఇది ఈ ఐదు తేదీలకే వచ్చిన దురదృష్టం కాదు. 2025లోని 365 తేదీలనూ రోజు ముందు, నెల తర్వాత రాసి ఇలాగే తెరిస్తే, నెలలో 12వ తేదీ దాటినవి 221 అక్షర తేదీలవుతాయి. మిగిలిన 144లో 132 తేదీలు వేరే తేదీలుగా మారిపోతాయి. జనవరి 1, ఫిబ్రవరి 2, మార్చి 3 లాగా రోజూ నెలా ఒకే అంకె అయిన 12 తేదీలు మాత్రం చెక్కుచెదరవు.

తప్పు ఎందుకు చప్పుడు చేయదు

జాబితాలో చెల్లని తేదీ ఉంటే NETWORKDAYS జవాబు బదులు #VALUE! అనే సందేశం ఇస్తుందని మైక్రోసాఫ్ట్ వివరణలో ఉంది. తేదీలను అక్షరాలుగా ఇస్తే చిక్కులు రావచ్చన్న హెచ్చరికా అక్కడే ఉంది. నిజానికి ఆ సందేశం వస్తే మన అదృష్టమే. ఏదో చెడిందని వెంటనే తెలిసిపోతుంది. చిక్కంతా ఆ సందేశాన్ని కనబడకుండా చేసే అలవాట్లతో వస్తుంది.

వాటిలో మొదటిది IFERROR అనే మూత. పెద్దసారు చూసే పట్టికలో ఎర్రర్లు కనిపించకూడదని చాలామంది ఇలా రాస్తారు.

```
=IFERROR(NETWORKDAYS(B1,B2,H2:H6),NETWORKDAYS(B1,B2))
```

దీని అర్థం, సెలవులతో లెక్క కుదిరితే సరే, కుదరకపోతే సెలవులు లేకుండానే లెక్క చెప్పు అని. మూడు అక్షర తేదీల వల్ల మొదటి భాగం చెడితే, రెండో భాగం ఎలాంటి సంకోచమూ లేకుండా 66 అని చెబుతుంది.

రెండో అలవాటు సెలవులను విడిగా లెక్కపెట్టి తీసేయడం.

```
=NETWORKDAYS(B1,B2)-COUNTIFS(H2:H6,">="&B1,H2:H6,"<="&B2)
```

ఇక్కడ COUNTIFS చేసే పని, ఫలానా సంఖ్యకు పైన, ఫలానా సంఖ్యకు కింద ఉన్న గడులెన్నో చెప్పడం. అక్షరాలున్న గడిని అది అసలు పోటీలోకే రానివ్వదు, ఫిర్యాదూ చేయదు. మూడు అక్షర తేదీలనూ పక్కన పెట్టి, మే 9, ఫిబ్రవరి 10 మన మధ్యలో లేవని చూసి, సున్నా అంటుంది. 66లోంచి సున్నా పోతే 66. శనివారం పడిన పండుగను రెండుసార్లు తీసేసే లోపం కూడా ఈ సూత్రంలో ఉంది కాబట్టి, దీన్ని వాడకపోవడమే మేలు.

66కూ 61కీ తేడా కాగితం మీద చిన్నదే. హాజరులోకి వచ్చేసరికి అది మనిషి మీద పడుతుంది. అక్టోబరునే తీసుకోండి. సరైన పని దినాలు 21, తప్పు లెక్కలో 23. ఒక్కరోజు కూడా నాగా పెట్టకుండా 21 రోజులూ వచ్చిన ఉద్యోగికి పట్టిక 91 శాతం హాజరు చూపిస్తుంది. దసరాకూ దీపావళికీ ఇంట్లో ఉన్న నేరానికి ఆయన సంజాయిషీ ఇచ్చుకోవాలి.

ఇంకో రకం మౌనం ఏడాది మొత్తంలో దాగుంటుంది. ఎవరో మూడు అక్షర తేదీలను కనిపెట్టి సరిచేశారు, తారుమారైన రెండింటిని మాత్రం గమనించలేదు అనుకుందాం. 2025 ఏడాదంతటికీ లెక్క వేస్తే సోమ నుంచి శుక్ర దాకా 261 రోజులు, ఐదు సెలవులు పోగా 256. జవాబు అక్షరాలా సరైనదే! ఎందుకంటే 2025లో ఫిబ్రవరి 10 సోమవారం, మే 9 శుక్రవారం. తప్పుడు సెలవులు రెండూ పని రోజుల్లోనే పడ్డాయి కాబట్టి మొత్తం కలిసిపోయింది. అదే జాబితాతో ఆగస్టు నుంచి అక్టోబరు దాకా అడిగితే 61కి బదులు 63 వస్తుంది. ఏడాది మొత్తం సరిపోయిందని జాబితాను నమ్మేసినవారికి నెలవారీ లెక్కలు ఎందుకు తప్పుతున్నాయో ఎంతకీ అంతుపట్టదు.

అక్షర తేదీని పట్టుకోవడం

సీఎస్‌వీ ఒక్కటే దారి కాదు. ఉత్తర్వుల్లో తేదీని చుక్కలతో 15.08.2025 అని రాయడం మనకు మామూలే. దాన్ని అలాగే కొడితే పైన చెప్పిన అమరికలో ఎక్సెల్ తేదీగా గుర్తించదు. "15 ఆగస్టు 2025" అని తెలుగులో రాసినా, తేదీ పక్కనే అదే గడిలో (శుక్రవారం) అని చేర్చినా అక్షరాలే. గడికి ముందుగానే Text అనే అమరిక పెట్టి ఉంటే చక్కగా కొట్టిన తేదీ కూడా అక్షరాలుగానే మిగిలిపోతుంది. వెబ్ పేజీ నుంచి తెచ్చి అతికించినప్పుడు చివర కంటికి కనబడని ఖాళీ ఒకటి అంటుకుని వస్తుంది. TEXT సూత్రంతో తేదీని అందంగా మలిచి, ఆ ఫలితాన్నే జాబితాగా వాడుకునేవారూ ఉన్నారు. ఆ సూత్రం ఇచ్చేది ఎప్పుడూ అక్షరాలే.

కళ్లతో చూసి పట్టుకోవడానికి ఒక గుర్తు ఉంది. ఏ సర్దుబాటూ చేయని గడిలో సంఖ్య కుడివైపుకు జరుగుతుంది, అక్షరం ఎడమవైపుకు. కానీ పట్టిక అందంగా ఉండాలని అంతా మధ్యకు సర్దేసి ఉంటే ఈ గుర్తు పోతుంది. అంతకన్నా గట్టి పరీక్ష, వరస మొత్తాన్ని ఎంచుకుని అమరికను General అని మార్చడం. రోజు సంఖ్య ఉన్న గడి చొక్కా విప్పేసి 45884 అని చూపిస్తుంది. అక్షర తేదీ మాత్రం 15/08/2025 గానే ఉండిపోతుంది.

జాబితా పెద్దదైతే రెండు లెక్కల తేడా తీయండి.

```
=COUNTA(H2:H6)-COUNT(H2:H6)
```

COUNTA ఖాళీ కాని గడులన్నీ లెక్కపెడుతుంది, COUNT సంఖ్యలున్న గడులను మాత్రమే. తేడా సున్నా రావాలి. మన ఉదాహరణలో 3 వస్తుంది. ఏ మూడో తెలుసుకోవడానికి పక్క వరసలో =ISNUMBER(H2) అని రాసి కిందికి లాగితే, అక్షర తేదీల పక్కన FALSE అని పడుతుంది. LEN సూత్రం ఇంకొంచెం లోతుకు పోతుంది. అసలు తేదీకి అది 5 అని చెబుతుంది, ఎందుకంటే 45884లో ఉన్నవి ఐదు అంకెలు. 15/08/2025 అనే అక్షర తేదీకి 10 వస్తుంది. 11 వస్తే చివర ఆ కనబడని ఖాళీ ఉన్నట్టు.

ఇంతవరకూ చెప్పినవేవీ మే 9నూ ఫిబ్రవరి 10నూ పట్టుకోలేవు. అవి సంఖ్యలే కదా. వాటికి వేరే వల వేయాలి. సెలవుల ఉత్తర్వుల్లో సాధారణంగా తేదీ పక్కన వారం కూడా అచ్చువేస్తారు. పక్క వరసలో =TEXT(H2,"dddd") అని రాస్తే, గడిలో నిజంగా దాగున్న తేదీకి ఏ వారమో బయటపడుతుంది. గాంధీ జయంతి ఎదురుగా ఉత్తర్వులో గురువారం ఉంటే, పట్టికలో Monday అని వస్తుంది. అక్కడితో దొంగ దొరికిపోయాడు. అక్షర తేదీల దగ్గర వారం రాకుండా ఆ అక్షరాలే తిరిగి వస్తాయి కాబట్టి ఈ ఒక్క వరస రెండు రకాల తప్పులనూ చూపిస్తుంది. రోజూ నెలా తారుమారైనా వారం కాకతాళీయంగా కలిసే అవకాశం ఉంది కాబట్టి, వారంతోపాటు నెల కూడా కనబడేలా "d mmmm, dddd" అని అడగడం ఇంకా మంచిది.

అక్షర తేదీల్లో ఒక నమూనా కూడా గమనించండి. వాటన్నిటిలోనూ రోజు 12 దాటి ఉండి, సంఖ్యలుగా ఉన్నవాటిలో రోజు ఎక్కడా 12 దాటకపోతే, జాబితాను అమెరికా కళ్లద్దాలతో చదివారని దాదాపు ఖాయం చేసుకోవచ్చు. అప్పుడు సంఖ్యలుగా ఉన్నవాటిని కూడా నమ్మడానికి లేదు.

బాగుచేసేటప్పుడు

చాలామంది ముందుగా చేసే పని, వరసను ఎంచుకుని అమరికను Date అని మార్చడం. దానివల్ల ఏమీ జరగదు. అమరిక మార్చడమంటే చొక్కా మార్చడమే. లోపల సంఖ్య లేనప్పుడు ఏ చొక్కా తొడిగినా అక్షరాలు అక్షరాలే.

వరసలో ఉన్నవన్నీ అక్షర తేదీలే అయితే పని తేలిక. వరసను ఎంచుకుని Data పట్టీలో Text to Columns తెరవండి. మూడో మెట్టులో Date ఎంచుకుని, పక్కన DMY అని చెప్పి Finish నొక్కండి. రోజు, నెల, ఏడాది అనే వరసలో చదవమని చెప్పడం ఇది. సూత్రంతోనే చేయాలంటే, రోజుకూ నెలకూ రెండేసి అంకెలున్న తేదీలకు ఇది చాలు.

```
=DATE(RIGHT(H2,4),MID(H2,4,2),LEFT(H2,2))
```

చివరి నాలుగు అంకెలు ఏడాది, మధ్యవి నెల, మొదటివి రోజు. మధ్యలో గీతలున్నా చుక్కలున్నా ఫరవాలేదు. చివర కనబడని ఖాళీ ఉంటే మాత్రం ముందు దాన్ని తీసేయాలి. మామూలు TRIM దాని జోలికి పోదు. SUBSTITUTE(H2,CHAR(160),"") అని విడిగా తొలగించాలి.

మన జాబితా లాంటి కలగాపులగానికి ఈ సూత్రాన్ని గుడ్డిగా కిందికి లాగితే కొత్త ప్రమాదం. ఫిబ్రవరి 10 ఉన్న గడిలో సూత్రానికి కనిపించేది 45698. దాని చివరి నాలుగు అంకెలు 5698 ఏడాది అవుతుంది, 98 నెల, 45 రోజు. నెలలు 12 దాటితే ఏడాదులుగా, రోజులు నెల దాటితే తర్వాతి నెలగా DATE సర్దేసుకుంటుంది. చివరికి 5706 మార్చి 17 అని తేలుతుంది! ఎర్రర్ రాదు. అంత దూరపు సెలవు మన లెక్కలో పడదు కాబట్టి ఎవరికీ కనబడదు కూడా.

కాబట్టి సగం అక్షరాలు, సగం తారుమారు అయిన జాబితాను అక్కడికక్కడ అతికే బదులు మూలానికి పోవడమే క్షేమం. సీఎస్‌వీ ఫైలును నేరుగా తెరవకుండా, ఖాళీ పట్టికలో Data పట్టీ నుంచి From Text/CSV ఎంచుకోండి. వచ్చిన పెట్టెలో Transform Data నొక్కితే పవర్ క్వెరీ తెరుచుకుంటుంది. తేదీల వరస తల మీద కుడి బొత్తాం నొక్కి, Change Type లో Using Locale ఎంచుకుని, రకం Date అనీ, ప్రాంతం English (India) అనీ చెప్పండి. ముందే పెట్టిన రకాన్ని మార్చాలా, కొత్త మెట్టు చేర్చాలా అని అడిగితే మార్చమనే చెప్పాలి. కొత్త మెట్టు చేర్చితే అప్పటికే తారుమారైన తేదీల మీద మళ్లీ పని మొదలవుతుంది. ఇలా తెచ్చుకుంటే ఐదు తేదీలూ ఐదు సరైన రోజు సంఖ్యలవుతాయి: 45884, 45896, 45905, 45932, 45950. NETWORKDAYS 61 అంటుంది.

పదీ పదిహేను సెలవుల జాబితాకు ఇంత తతంగం అనవసరం అనిపిస్తే, ఒక్కో గడిలో =DATE(2025,8,15) అని కొట్టేయండి. ఇందులో ఏడాది, నెల, రోజు ఏ స్థానంలో ఉండాలో స్థిరంగా ఉంది. ఏ దేశపు అమరిక ఉన్న కంప్యూటరులో తెరిచినా అది పంద్రాగస్టే.

కాపలా, దాని హద్దులు

జాబితా మళ్లీ చెడితే లెక్క తనంతట తానే ఆగేలా ఇలా కట్టుకోవచ్చు.

```
=IF(COUNT(H2:H6)<COUNTA(H2:H6),"జాబితాలో అక్షర తేదీ",
 NETWORKDAYS(B1,B2,H2:H6))
```

అక్షర తేదీ ఒక్కటి చొరబడినా సంఖ్య బదులు హెచ్చరిక వస్తుంది. Data Validation తో ఆ వరసలో తేదీలే అనుమతించేలా కూడా పెట్టవచ్చు. కొట్టేటప్పుడు అది అడ్డుకుంటుంది, కానీ వేరేచోటి నుంచి తెచ్చి అతికిస్తే అడ్డు దాటిపోతుంది. అందుకే పై సూత్రం కూడా ఉండాలి.

తారుమారైన తేదీల కోసం, జవాబు మనకు ముందే తెలిసిన ఒక్కరోజు ప్రశ్న వేయండి. మొదటి తేదీ, చివరి తేదీ రెండూ అక్టోబరు 2 అని పెట్టి NETWORKDAYS అడిగితే సున్నా రావాలి. 1 వస్తే జాబితాలో గాంధీ జయంతి ఆ రోజున లేదన్నమాట. ఈ పరీక్షకు పంద్రాగస్టును ఎంచుకోవడం కన్నా అక్టోబరు 2 నయం. 15 అనే నెల లేదు కాబట్టి పంద్రాగస్టు తారుమారు కాలేదు, అక్షరం మాత్రమే కాగలదు. 02/10 తారుమారు కాగలదు. అయితే ఎంచుకున్న రోజు ఆ ఏడాది శని, ఆదివారాల్లో పడకూడదు. 2026లో పంద్రాగస్టు శనివారం. జాబితాలో తేదీలు ఎంత తారుమారైనా, శని, ఆదివారాలు సెలవైనచోట ఆ రోజుకు జవాబు సున్నాయే వస్తుంది, పరీక్ష నెగ్గినట్టే కనిపిస్తుంది. 2026లో అక్టోబరు 2 శుక్రవారం కాబట్టి అది పనికొస్తుంది.

ఈ కాపలాలన్నీ దాటుకుని వచ్చే తప్పు ఒకటి మిగిలే ఉంటుంది. నెలవంక కనబడడాన్ని బట్టి నిర్ణయమయ్యే పండుగల సెలవును ప్రభుత్వం ఒక రోజు ముందుకో వెనక్కో మార్చినప్పుడు, పాత తేదీ జాబితాలో పక్కా రోజు సంఖ్యగా కూర్చుని ఉంటుంది. అది సంఖ్యే, ఆ ఏడాదిదే, వారం కూడా పాత ఉత్తర్వుతో సరిపోతుంది. సూత్రానికి తెలిసే దారి లేదు. అందుకే జాబితాలో తేదీ, వారం, పండుగ పేరుతోపాటు నాలుగో వరసగా ఉత్తర్వు సంఖ్య, దాని తేదీ కూడా రాసి ఉంచుకోవాలి. సవరణ ఉత్తర్వు వచ్చినప్పుడు ఏ గడి మార్చాలో ఆ వరసే చెబుతుంది.